బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక: దాఖలు కాని చెక్కులు, జమ కాని చెక్కులు - తప్పు సమాధానాల పరిశీలన

వ్యాస సంగ్రహం

బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికను తయారు చేసేటప్పుడు వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తరచుగా తారుమారు చేసే అంశాలు రెండు. జారీ చేసినప్పటికీ చెల్లింపుకు దాఖలు కాని చెక్కులు మొదటిది. వసూలు నిమిత్తం బ్యాంకుకు పంపినప్పటికీ ఖాతాకు జమ కాని చెక్కులు రెండవది. ఒకే లెక్కకు వచ్చే వేర్వేరు తప్పు సమాధానాలను తీసుకొని, ఒక్కొక్క సమాధానం వెనుక ఉన్న ఆలోచనను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ గందరగోళంలో తెలుగు పదప్రయోగానికి ఉన్న పాత్రను, తరగతి గది వెలుపల ఈ రెండు అంశాలు తీసుకునే దారులను కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నగదు పుస్తకం, పాస్ పుస్తకం, సమన్వయ పట్టిక, దాఖలు కాని చెక్కులు, జమ కాని చెక్కులు, ఓవర్‌డ్రాఫ్ట్.

ఒక లెక్క, అయిదు సమాధానాలు

ఒక పుస్తకాల వ్యాపారి లెక్కను ఉదాహరణగా తీసుకోవచ్చు. మార్చి 31 నాటికి ఆయన నగదు పుస్తకంలోని బ్యాంకు వరుస రూ. 48,500 డెబిట్ నిల్వను చూపుతున్నది. మార్చి నెలలో ఆయన మూడు చెక్కులు జారీ చేశాడు: ముద్రణాలయానికి రూ. 6,200, కాగితం సరఫరాదారుకు రూ. 9,500, రవాణా సంస్థకు రూ. 2,800. వీటిలో ముద్రణాలయం చెక్కుకు మాత్రమే మార్చి 31లోగా బ్యాంకు చెల్లించింది. అదే నెలలో ఖాతాదారుల నుండి వచ్చిన మూడు చెక్కులను వసూలుకై బ్యాంకుకు పంపాడు. రూ. 5,100 చెక్కు మార్చిలోనే ఖాతాకు జమ అయింది. రూ. 4,300, రూ. 3,500 చెక్కులు ఏప్రిల్ 2, 3 తేదీలలో జమ అయ్యాయి. పాస్ పుస్తకం ప్రకారం మార్చి 31 నాటి నిల్వ ఎంత?

పరీక్షా ప్రశ్నలో ఈ వివరాలు ఇంత విడివిడిగా ఉండవు. "రూ. 18,500 విలువగల చెక్కులు జారీ చేయగా రూ. 6,200 చెక్కు మాత్రమే మార్చి 31లోగా చెల్లింపుకు దాఖలైనది, రూ. 12,900 విలువగల చెక్కులు బ్యాంకులో జమ చేయగా రూ. 7,800 విలువగలవి ఏప్రిల్‌లో వసూలైనవి" అని రెండు వాక్యాలలో అడుగుతారు.

దాఖలు కాని చెక్కుల మొత్తం రూ. 12,300. జమ కాని చెక్కుల మొత్తం రూ. 7,800. నగదు పుస్తకం నిల్వకు మొదటిది కలిపి రెండవది తీసివేస్తే వచ్చే రూ. 53,000 సరైన సమాధానం. జవాబు పత్రాలలో దీనికి బదులు రాగల సంఖ్యలు ప్రధానంగా నాలుగు: 44,000, 28,400, 68,600, 46,900. నాలుగింటినీ "తప్పు" అని ఒకే గీతతో కొట్టివేయడం సులభమే. కానీ ఈ నాలుగూ నాలుగు వేర్వేరు అపార్థాల ఫలితాలు. చివరి సంఖ్యను చూసి విద్యార్థి ఎక్కడ దారి తప్పాడో అధ్యాపకుడు చాలావరకు గుర్తించగలడు.

తేడా రెట్టింపు కావడానికి కారణం

మొదట 44,000ను చూద్దాం. ఈ విద్యార్థి రెండు మొత్తాలనూ సరిగానే కనుగొన్నాడు. దిశలను మాత్రం తారుమారు చేశాడు. 48,500 నుండి 12,300 తీసివేసి, 7,800 కలిపాడు. సరైన సమాధానానికీ దీనికీ ఉన్న తేడా 9,000. దాఖలు కాని మొత్తానికీ జమ కాని మొత్తానికీ ఉన్న తేడా 4,500. మొదటి తేడా రెండవదానికి సరిగ్గా రెట్టింపు. ఇది యాదృచ్ఛికం కాదు.

చెక్కు రాసి ఇచ్చిన రోజే వ్యాపారి నగదు పుస్తకంలో బ్యాంకు వరుసకు క్రెడిట్ రాస్తాడు. అంటే 48,500 అనే నిల్వలో నుండి ఆ 12,300 అప్పటికే తగ్గి ఉన్నది. బ్యాంకుకు ఆ చెక్కుల సంగతి ఇంకా తెలియదు. బ్యాంకు దృష్టిలో నిల్వ ఎంతో తెలుసుకోవాలంటే వ్యాపారి చేసిన తగ్గింపును రద్దు చేయాలి, అనగా తిరిగి కలపాలి. "చెక్కు ఇచ్చాము, డబ్బు పోయింది, కనుక తీసివేయాలి" అని ఆలోచించే విద్యార్థి, నగదు పుస్తకం ఒకసారి చేసిన పనినే రెండవసారి చేస్తున్నాడు. రద్దు చేయవలసిన చోట పునరావృతం చేయడం వల్ల తప్పు ఆ మొత్తానికి రెండింతలు అవుతుంది. జమ కాని చెక్కుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. వాటిని బ్యాంకుకు పంపిన రోజే నగదు పుస్తకం డెబిట్ చేసి నిల్వను పెంచింది. "బ్యాంకులో వేశాము, కనుక కలపాలి" అన్నవాడు మరొకసారి పెంచుతున్నాడు.

కాబట్టి ఈ విద్యార్థికి సూత్రం గుర్తులేదని అనుకోవడం సరికాదు. ప్రారంభ నిల్వలో ఏమేమి ఇమిడి ఉన్నవో అతడు అడగలేదు. "కలుపు, తీసివేయి" పట్టికను మరొకసారి కంఠస్థం చేయించడం వల్ల ఈ లోపం పోదు. ఈ నిల్వలో ఈ చెక్కు ప్రభావం ఇప్పటికే ఉన్నదా, లేదా? ఉంటే, ఎదుటి పుస్తకంలో ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలను ప్రతి అంశం వద్దా వేయించడమే దీనికి సరైన మార్గం.

28,400, 68,600 అనే సమాధానాలలో సగం మాత్రమే తప్పు. రెండు అంశాలనూ తీసివేసినవాడికి 28,400 వస్తుంది. "రెండూ ఇంకా పూర్తికాని వ్యవహారాలే, పూర్తికానివి లెక్కలోకి రావు" అన్నది అతని తర్కం. ఇక్కడ తేడా 24,600, అంటే 12,300కు రెట్టింపు. దాఖలు కాని చెక్కుల దగ్గరే అతడు తడబడ్డాడు. రెండింటినీ కలిపినవాడికి 68,600 వస్తుంది. తేడా 15,600, అంటే 7,800కు రెట్టింపు. చెక్కులన్నీ బ్యాంకుకు సంబంధించినవే కనుక బ్యాంకు నిల్వను పెంచుతాయని అతడు భావించి ఉండవచ్చు. తేడాను సగం చేసి, ఆ సగాన్ని ప్రశ్నలోని మొత్తాలతో పోల్చిచూడటం దిద్దుబాటులో పనికివచ్చే పద్ధతి. ఇది దిశ తప్పిన సందర్భాలకే వర్తిస్తుంది. మొత్తమే తప్పుగా ఎంచుకున్న సందర్భాలకు వర్తించదు.

46,900 ఆ రెండవ కోవకు చెందినది. ఇక్కడ దిశలు సరిగా ఉన్నాయి. విద్యార్థి దాఖలు కాని 12,300కు బదులు దాఖలైన 6,200ను కలిపాడు. తేడా 6,100, ఇది 12,300, 6,200ల మధ్య భేదమే. పై ప్రశ్నను మళ్ళీ చదివితే కారణం కనిపిస్తుంది. మొదటి వాక్యం పూర్తయిన చెక్కు మొత్తాన్ని ఇస్తున్నది, రెండవ వాక్యం పూర్తికాని చెక్కుల మొత్తాన్ని ఇస్తున్నది. మొదటి దానిలో తీసివేత చేయాలి, రెండవ దానిలో చేయనక్కరలేదు. పక్కపక్కనే ఉన్న రెండు వాక్యాలు ఇలా భిన్నమైన రీతులలో ఉన్నప్పుడు పరీక్షింపబడేది పఠన జాగ్రత్త. అది పరీక్షించదగినదే. అయితే దిశల అవగాహనను పరీక్షించదలచిన ప్రశ్నలోనే దీనినీ చేర్చితే, ఏ లోపానికి మార్కులు తగ్గాయో విద్యార్థికి తెలియదు.

తప్పు ఆలోచనకు సరైన సమాధానం

44,000 రాసిన విద్యార్థికే మరొక ప్రశ్న ఇచ్చారనుకుందాం. పాస్ పుస్తకం నిల్వ రూ. 53,000, మిగిలిన వివరాలు అవే, నగదు పుస్తకం నిల్వ కనుగొనమన్నారు. అతడు తన పాత ఆలోచననే కొనసాగించి, చెక్కులు ఇచ్చాము కనుక 12,300 తీసివేస్తాడు, బ్యాంకులో వేశాము కనుక 7,800 కలుపుతాడు. 48,500 వస్తుంది. ఇది పూర్తిగా సరైన సమాధానం. ఎదురుగా పూర్తి మార్కులు పడతాయి.

పాస్ పుస్తకంతో ప్రారంభించినప్పుడు, బ్యాంకుకు ఇంకా తెలియని వ్యవహారాలను నమోదు చేయడమే విద్యార్థి పని. అందువల్ల వ్యాపారి సహజంగా ఆలోచించే దిశయే సరిపోతుంది. నగదు పుస్తకంతో ప్రారంభించినప్పుడు మాత్రం నమోదైన వ్యవహారాలను రద్దు చేయాలి; అది సహజమైన ఆలోచనకు ఎదురు దిశ. ఒకే అపార్థం ఒక ప్రశ్నలో సున్నాను, మరొక ప్రశ్నలో పూర్తి మార్కులను తెస్తున్నది. కాబట్టి పాస్ పుస్తకం నిల్వతో మొదలయ్యే లెక్కలను మాత్రమే ఇచ్చి తరగతి అవగాహనను అంచనా వేయడం భద్రమైన పద్ధతి కాదు. దిశల అవగాహనను తేల్చిచెప్పేది నగదు పుస్తకంతో మొదలయ్యే లెక్కే.

ఇంకొక పరిమితి కూడా ఉన్నది. దాఖలు కాని మొత్తం, జమ కాని మొత్తం సమానంగా ఉంటే తారుమారు చేసినా సమాధానం మారదు. ప్రశ్నలు తయారు చేసేవారు గుండ్రని సంఖ్యలపై మక్కువతో రెండింటికీ 5,000 చొప్పున ఇచ్చి ఊరుకోవడం వల్ల ఇటువంటి ప్రశ్నలు ఏర్పడతాయి. అవి ఏమీ పరీక్షించవు.

పరీక్షా ప్రశ్నలో ఒక నిల్వను మాత్రమే ఇవ్వడం సంప్రదాయం. దీనివల్ల విద్యార్థికి తన తప్పు తెలిసే అవకాశం ఉండదు. 44,000 కూడా 53,000 వలెనే నమ్మదగినదిగా కనిపిస్తుంది. నిజమైన కార్యాలయంలో రెండు నిల్వలూ చేతిలో ఉంటాయి, తేడా ఎందుకు వచ్చిందో చూపడమే పని. అభ్యాస దశలోనైనా రెండు నిల్వలనూ ఇచ్చి "సమన్వయపరచండి" అని అడగడం ఈ పట్టిక స్వభావానికి దగ్గరగా ఉంటుంది.

"జమ" అనే మాట, "ఇచ్చిన" అనే మాట

తెలుగు మాధ్యమంలో ఈ అధ్యాయానికి అదనపు చిక్కులు కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రధానమైనది "జమ". జమాఖర్చుల సంప్రదాయం నుండి వచ్చిన ఈ మాట నిత్యవ్యవహారంలో రెండు పనులకు వాడబడుతున్నది. ఖాతాదారు చెక్కును బ్యాంకు కౌంటరులో ఇవ్వడమూ జమ చేయడమే. బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో క్రెడిట్ చేయడమూ జమ చేయడమే. ఫలితంగా "జమ చేసిన చెక్కులు జమ కాలేదు" అనే వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమైనదే అయినా మొదటిసారి చదివే విద్యార్థికి పరస్పర విరుద్ధంగా తోస్తుంది. అటువంటి వాక్యంలో ఏ జమ ఎవరిదో తేల్చుకోలేక అతడు చివరి మాటను పట్టుకొని లెక్క చేస్తాడు.

"దాఖలు" విషయమూ ఇంతే. సరఫరాదారు మన చెక్కును తన బ్యాంకు ద్వారా చెల్లింపుకు దాఖలు చేస్తాడు. మనం ఇతరుల చెక్కులను వసూలుకు మన బ్యాంకులో దాఖలు చేస్తాము. "బ్యాంకులో దాఖలు కాని చెక్కులు" అన్నప్పుడు మనం పంపకుండా ఉంచుకున్నవా, ఎదుటివారు ఇంకా చెల్లింపు కోరనివా అన్నది మాటను బట్టి తెలియదు. మొదటి అర్థం తీసుకున్నవాడు తీసివేస్తాడు, రెండవ అర్థం తీసుకున్నవాడు కలుపుతాడు. ఇక్కడ విద్యార్థిని తప్పుపట్టడానికి వీలులేదు.

మూడవది క్రియాజన్య విశేషణం. "ఇచ్చిన చెక్కు" అన్నప్పుడు ఇచ్చినవాడు ఎవరో తెలుగులో ఆ రూపం చెప్పదు. వ్యాపారి సరఫరాదారుకు ఇచ్చిన చెక్కూ ఇచ్చిన చెక్కే, కొనుగోలుదారు వ్యాపారికి ఇచ్చిన చెక్కూ ఇచ్చిన చెక్కే. కర్తను లోపింపజేసి మాట్లాడటం తెలుగు సహజ లక్షణం. సంభాషణలో సందర్భం ఆ లోటును పూరిస్తుంది. రెండు పంక్తుల పరీక్షా ప్రశ్నలో ఆ సందర్భం ఉండదు.

ఈ మూడు చిక్కులకూ పరిష్కారం కొత్త పారిభాషిక పదాలను సృష్టించడం కాదు. కర్తను చెప్పడం, ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాటను స్థిరంగా వాడటం చాలు. మన చెక్కును ఎదుటివారు చెల్లింపుకు దాఖలు చేస్తారు. ఎదుటివారి చెక్కును మనం వసూలుకు పంపుతాము. బ్యాంకు దానిని ఖాతాకు జమ చేస్తుంది. ఈ మూడు క్రియలనూ కలగాపులగం చేయకుండా పాఠంలోనూ ప్రశ్నలోనూ ఒకే తీరుగా వాడితే, "వ్యాపారి జారీ చేసిన చెక్కులలో సరఫరాదారులు మార్చి 31లోగా చెల్లింపుకు దాఖలు చేయనివి" అనే వాక్యం కాస్త పొడవైనా రెండర్థాలకు తావివ్వదు.

ఓవర్‌డ్రాఫ్ట్ వచ్చినప్పుడు

నగదు పుస్తకం క్రెడిట్ నిల్వ చూపితే, అనగా ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే, దిశలన్నీ మారిపోతాయని పాఠాలు చెబుతాయి. విద్యార్థి రెండు పట్టికలను కంఠస్థం చేసి, పరీక్షలో ఒకదానిని మరొకదానిగా గుర్తుచేసుకుంటాడు. నిజానికి మారేది ఏమీ లేదు. ఓవర్‌డ్రాఫ్ట్‌ను రుణ సంఖ్యగా రాస్తే అవే దిశలు నిలుస్తాయి.

నగదు పుస్తకం ప్రకారం ఓవర్‌డ్రాఫ్ట్ రూ. 15,000, దాఖలు కాని చెక్కులు రూ. 6,000, జమ కాని చెక్కులు రూ. 4,500 అనుకుందాం. −15,000కు 6,000 కలిపి 4,500 తీసివేస్తే −13,500 వస్తుంది. పాస్ పుస్తకం ప్రకారం ఓవర్‌డ్రాఫ్ట్ రూ. 13,500. చెక్కులకు బ్యాంకు ఇంకా చెల్లించలేదు కనుక బ్యాంకు దృష్టిలో అప్పు తక్కువ. వసూళ్ళు ఇంకా చేరలేదు కనుక ఆ మేరకు అప్పు ఎక్కువ. సమాధానాన్ని ఇలా మాటలలో చెప్పించడం వల్ల విద్యార్థి దిశను తానే సరిచూసుకోగలుగుతాడు. పాస్ పుస్తకంలో డెబిట్ నిల్వ అంటే ఓవర్‌డ్రాఫ్ట్, నగదు పుస్తకంలో డెబిట్ నిల్వ అంటే బ్యాంకులో డబ్బు ఉండటం. ఈ ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోక తప్పదు.

ఏప్రిల్ పాస్ పుస్తకం చెప్పే సాక్ష్యం

ఈ రెండు అంశాలకూ ఒక ఉమ్మడి లక్షణం ఉన్నది. బ్యాంకు రుసుములు, బ్యాంకు నేరుగా వసూలు చేసిన వడ్డీ వంటివాటిని సవరించిన నగదు పుస్తకంలో నమోదు చేయాలి. దాఖలు కాని చెక్కులకు, జమ కాని చెక్కులకు నగదు పుస్తకంలో ఏ కొత్త పద్దూ అక్కరలేదు. అవి అప్పటికే నమోదై ఉన్నవి. అవి కాలవ్యత్యాసాలు మాత్రమే, కాలమే వాటిని సరిచేయాలి. సరిచేసిందా అన్నది తర్వాతి నెల పాస్ పుస్తకంలో కనిపించాలి. మార్చి పట్టికలోని 9,500, 2,800 ఏప్రిల్ పాస్ పుస్తకంలో డెబిట్ వైపు రావాలి. 4,300, 3,500 క్రెడిట్ వైపు రావాలి. ఏ అంశం ఏ జాతికి చెందినదో సందేహం కలిగినప్పుడు ఇంతకంటె స్పష్టమైన నిర్ధారణ మరొకటి లేదు. ఏప్రిల్ వివరాలు ఇచ్చి మార్చి పట్టికను తయారు చేయించే అభ్యాసం తరగతిలో తప్పక ఉండదగినది.

ఏదైనా అంశం ఏప్రిల్‌లోనూ కనిపించకపోతే రెండు జాతులు రెండు దారులు పడతాయి. ఆడిటరుకు ఈ తేడా చాలా ముఖ్యం. పంపిన చెక్కు ఎన్నో రోజులైనా జమ కాలేదంటే అది తిరస్కరింపబడి ఉండాలి, లేదా అసలు బ్యాంకుకు చేరి ఉండకూడదు. వసూలైన సొమ్మును నగదు గుమాస్తా సొంతానికి వాడుకొని, బ్యాంకుకు పంపినట్లు రాసి, తర్వాతి ఖాతాదారు సొమ్ముతో ఆ లోటును పూడ్చే మోసం ఈ "జమ కాని" పద్దు వెనుకనే దాగుతుంది. చెక్కుల బొమ్మలను పంపి పరిష్కరించే సి.టి.ఎస్. విధానంలో, 2025 అక్టోబరు 4 నుండి నిరంతరాయంగా సాగే క్లియరింగు మొదలైన తరువాత, వారాల తరబడి జమ కాని చెక్కు అనేది సాధారణ ఆలస్యంగా చెప్పుకోదగినది కాదు. పాఠ్యపుస్తకాలలోని "మార్చి 10న పంపగా ఏప్రిల్ 5న జమ" వంటి ఉదాహరణలు ఈనాడు సమన్వయానికి కాక విచారణకు సంబంధించినవి.

దాఖలు కాని చెక్కు పాతబడటం ఇంత అనుమానాస్పదం కాదు, ఎందుకంటే దానిని ఎప్పుడు దాఖలు చేయాలో నిర్ణయించేది ఎదుటివాడు. అయితే రెండు సందర్భాలను వేరు చేయాలి. మార్చి 31 తేదీతో చెక్కులు రాసి, ఋణదాతలకు ఇవ్వకుండా సొరుగులో ఉంచితే అవి జారీ అయిన చెక్కులు కావు. ఆస్తి-అప్పుల పట్టీలో ఋణదాతలు తక్కువగా కనిపించడానికి కొందరు ఇలా చేస్తారు. అటువంటి చెక్కులను సమన్వయ పట్టికలో చూపరాదు. నగదు పుస్తకంలోని పద్దునే రద్దు చేసి ఋణదాతల బాకీని పునరుద్ధరించాలి. ఒకే తేదీ చెక్కులన్నీ ఏప్రిల్ చివర గుంపుగా చెల్లింపుకు రావడం దీనికి సూచన. పంపిన ఉత్తరాల రిజిస్టరుతో పోల్చి నిర్ధారించుకోవాలి.

రెండవ సందర్భం గడువు తీరిన చెక్కు. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2012 ఏప్రిల్ 1 నుండి చెక్కు చెల్లుబాటు కాలం దానిపై ఉన్న తేదీ నుండి మూడు నెలలు. అంతకు ముందు ఆరు నెలలు ఉండేది. కాగితం సరఫరాదారు తన రూ. 9,500 చెక్కును జూన్ చివరి వరకు దాఖలు చేయలేదనుకుందాం. ఇక బ్యాంకు దానికి చెల్లించదు. జూన్ పట్టికలోనూ దానిని దాఖలు కాని చెక్కుగా మోసుకుపోవడం పొరపాటు, ఎందుకంటే కాలం ఇక దానిని సరిచేయదు. బ్యాంకు ఖాతాకు రూ. 9,500 డెబిట్ చేసి, సరఫరాదారు ఖాతాకు క్రెడిట్ చేయాలి. చెక్కు చెల్లకుండా పోయినంత మాత్రాన బాకీ తీరలేదు కనుక ఆ మొత్తాన్ని ఆదాయంగా చూపడానికి వీలులేదు. సరఫరాదారు అడిగినప్పుడు కొత్త చెక్కు ఇవ్వవలసిందే.